110 పేజీలుంటే నవలేనా?

తమ్ముడూ,

నీ రాతప్రతి రెండుసార్లు చదివాను. 110 పేజీలు వచ్చాయని పైన ‘నవల’ అని రాశావు. నాకు మాత్రం అది నవలిక అనిపించింది, అదీ మధ్యలో అనవసరంగా ఒళ్లు చేసిన నవలిక.

ముందు ఆ పేజీల లెక్క పక్కన పెట్టు. అమెరికాలో సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకిచ్చే నెబ్యులా అవార్డుకి 17,500 పదాల నుంచి 40,000 లోపు ఉన్నది నవలిక, ఆపైన నవల. ఆ అంకెలు మనకి అతకవు. ‘వెళ్లలేకపోయాడు’ అని మనం ఒక్క మాటలో అనేదానికి ఇంగ్లీషులో నాలుగు మాటలు కావాలి. నువ్వు లెక్కపెట్టాల్సింది పదాల్ని కాదు, రచన ఎన్ని ప్రశ్నల్ని మోస్తోందో చూడాలి.

కాళీపట్నం రామారావు గారి ‘యజ్ఞం’ మళ్లీ చదువు. మామూలు కథలకంటే చాలా పెద్దది. ఊరి చరిత్ర, తరాల కష్టం అన్నీ ఉన్నాయి. అయినా అది కథే. అప్పల్రాముడు గోపన్నకి పడ్డ బాకీ తీర్చాలా, వద్దా అన్న ఒక్క తగువు చుట్టూ పంచాయితీ నడుస్తుంది. గతమంతా ఆ తగువులో వాదంగానే వస్తుంది, విడిగా రాదు. అందుకే చివర అప్పల్రాముడి కొడుకు సీతారాముడు తన బిడ్డనే చంపి చేసిన పని అంత బరువుగా మనమీద పడుతుంది. అదే పంచాయితీ పెద్ద శ్రీరాములునాయుడి ఇంట్లోకి, గోపన్న లోపలి గొడవల్లోకి కూడా వెళ్లి, వాళ్లకీ సొంత ప్రశ్నలు ఇచ్చి ఉంటే నవల అయ్యేది. అప్పుడు ఆ ఒక్క దెబ్బ ముగింపుకి సరిపోయేది కాదు.

నవలిక ఈ రెండింటికీ మధ్యది. అక్కడా ప్రశ్న ఒకటే, కానీ మనిషి ఒక్క దెబ్బకి మారడు, మెట్టు మెట్టుగా మారతాడు. నీ పెద్దక్క పాత్ర అలాంటిదే. నాన్న ఇల్లు అమ్మనని మొదట మొండికేస్తుంది, తర్వాత బేరం వింటుంది, చివరికి తనే తాళం తీసి ఇస్తుంది. ఆ మూడు మెట్లూ బాగా కుదిరాయి.

గొడవంతా నాలుగో అధ్యాయం నుంచి ఏడు దాకానే. ఆ అక్క చిన్న తమ్ముడి హైదరాబాద్ ఉద్యోగం, ప్రేమ, అప్పులు ఎత్తుకుని 60వ పేజీ దగ్గర వదిలేశావు. అక్కకి వాటి సంగతి తెలియనే తెలియదు, ఆ నాలుగు అధ్యాయాలూ తీసేసినా ముగింపు మారదు. ఒకవేళ అతని కథే నీకు ముఖ్యమైతే అప్పుడది నవల. దానికి ఇంకో 200 పేజీలు, ఇంటికి రెండో వైపు నుంచి చూపు కావాలి. తొమ్మిదో అధ్యాయంలో ‘అలా మూడేళ్లు గడిచాయి’ అని మూడుసార్లు రాశావు. నవలంత సరుకుని ఇరికిస్తున్నప్పుడే ఆ వాక్యం వస్తుంది.

ఆ నాలుగు అధ్యాయాలూ పక్కన పెట్టి, మిగిలింది ఒకే కూర్చోడంలో చదువు. కథలోని ఆ తమ్ముడు గుర్తొచ్చి చెయ్యి ఆగితే నవల మొదలుపెట్టు. ఆగకపోతే ఆ 70 పేజీలే నాకు పంపు.

మీ అన్నయ్య