r మారుతుంది, లంబదూరం మారదు

ప్రశ్న: కణం తిన్నగా పోతుంటే అసలు తిరగడమే లేదు కదా, దానికి యాంగ్యులర్ మొమెంటం ఎక్కడిది? పోనీ ఉందనుకున్నా, మనం ఎంచుకున్న బిందువు నుంచి దాని దూరం మారుతుంటే అది ఎందుకు మారదు?

కాలేజీ మొదటి ఏడాది పరీక్షలో నాకు సరిగ్గా ఈ లెక్కే వచ్చింది. 2 కిలోల కణం సెకనుకు 3 మీటర్ల స్థిర వేగంతో ఒక గీత మీద పోతోంది. గీతకు పక్కనున్న ఒక బిందువు నుంచి ఆ గీతకు లంబదూరం 4 మీటర్లు. బిందువు నుంచి కణానికున్న దూరాన్ని r అనుకుని, నేను యాంగ్యులర్ మొమెంటం L = mvr అని రాసి, కణం అన్నిటికంటే దగ్గరున్నప్పుడు 24, ముందుకెళ్లి 5 మీటర్ల దూరం చేరాక 30 అని తేల్చాను. ఏ బలమూ లేకుండా ఆ అదనపు 6 ఎలా వచ్చిందని అడగాలని కూడా తట్టలేదు. పేపరు దిద్దినవాళ్లు పక్కన "టార్క్ సున్నా, కాబట్టి స్థిరం" అని రాసి వదిలేశారు. మాట నిజమే. కానీ నా లెక్కలో తప్పెక్కడో అది చెప్పదు. ఈ పాఠం చాలామంది అలాగే చెబుతారు, అదే నా బాధ.

mvr వృత్తంలో తిరిగే కణానికి సరిపోతుంది, ఎందుకంటే అక్కడ వేగం ఎప్పుడూ r కి లంబంగా ఉంటుంది. ఇక్కడ రాయాల్సింది mvr sinθ, θ అంటే r కీ వేగానికీ మధ్య కోణం. 5 మీటర్ల దగ్గర sinθ = 4/5, కాబట్టి 2 × 3 × 5 × 4/5 = 24. r పెరిగినంతా sinθ తినేస్తుంది. ఆ రెండింటి లబ్ధం ఎప్పుడూ అదే 4 మీటర్ల లంబదూరం.

నాకు నమ్మకం కుదిరింది మాత్రం ఆ రాత్రి గ్రాఫ్ పేపరు మీద. గీత పొడవునా 3 మీటర్లకో చుక్క పెట్టి, అంటే సెకనుకో చుక్క, అన్నిటినీ బిందువుతో కలిపాను. దూరం పోయేకొద్దీ త్రిభుజాలు సన్నగా సాగిపోయాయి, కానీ ప్రతిదానికీ భూమి 3, ఎత్తు 4, వైశాల్యం 6. సెకనుకు ఊడ్చే ఈ వైశాల్యాన్ని 2m తో గుణిస్తే మళ్లీ 24. గ్రహాలు సమాన కాలాల్లో సమాన వైశాల్యాలు ఊడుస్తాయన్న కెప్లర్ నియమం వెనక ఉన్నదీ ఇదే.

తిరగడం లేదంటున్నారు కదా, ఆ బిందువు దగ్గర నిలబడి కణాన్నే చూస్తూ ఉండండి, మీ తల తిరుగుతూనే ఉంటుంది. దగ్గరున్నప్పుడు సెకనుకు 0.75 రేడియన్లు, 5 మీటర్ల దగ్గర 0.48. కోణీయ వేగం తగ్గుతుంది, mr² పెరుగుతుంది. 32 × 0.75, 50 × 0.48, రెండూ 24 లే. బిందువు ఆ గీత మీదే ఉంటే మాత్రం తల తిప్పే పనే ఉండదు, L సున్నా.

ఇంకో పొరపాటు కూడా తరచూ చూస్తుంటాను: దారి తిన్నగా ఉంటే చాలు, L మారదనుకోవడం. అదే కణాన్ని గీత వెంబడే 1 న్యూటన్ బలంతో వెనక్కి లాగండి. దారి వంకర పోదు, కానీ ఆ బలానికి 4 మీటర్ల లంబదూరం ఉంది కాబట్టి టార్క్ 4. L సెకనుకు 4 చొప్పున తగ్గి 6 సెకన్లలో సున్నా అవుతుంది. వేగం సెకనుకు 0.5 చొప్పున తగ్గుతూ, కణం ఆగిపోయేదీ సరిగ్గా అప్పుడే.