తేదీలన్నీ సరిగ్గా రాసినా మార్కులెందుకు తగ్గాయి?

ప్రశ్న: గ్రూప్-1 మెయిన్స్‌కి ప్రిపేర్ అవుతున్నాను. టెస్ట్ సిరీస్‌లో ‘ప్రత్యేక ఆంధ్ర రాష్ట్ర సాధనకు నాలుగు దశాబ్దాలు ఎందుకు పట్టింది?’ అని అడిగితే ఐదు పేజీలు రాశాను. తేదీ ఒక్కటీ తప్పలేదు. అయినా సగం మార్కులు కూడా రాలేదు. ‘కథ చెప్పారు, అంశాలవారీగా విడగొట్టి రాయండి’ అని పక్కన రాసి ఇచ్చారు. ఎలా విడగొట్టాలో తెలియక టెన్షన్‌గా ఉంది. వ్యాసం పంపిస్తున్నాను, చూడగలరు.

జవాబు: మీ వ్యాసం రెండుసార్లు చదివాను. 1913లో బాపట్లలో జరిగిన మొదటి ఆంధ్ర మహాసభతో మొదలుపెట్టి, 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా రాష్ట్రం ఏర్పడటంతో ముగించారు. నడుమ ముఖ్యమైనది ఏదీ వదల్లేదు. అయితే మీ పేరాల మొదటి మాటలు వరుసగా చూడండి: ‘ఆ తర్వాత’, ‘ఇదిలా ఉండగా’, ‘అనంతరం’, ‘చివరకు’. ఇవన్నీ ఒక ఏడాదిని ఇంకో ఏడాదికి ముడివేసే మాటలు. ఆలస్యం ఎందుకైందో మాత్రం వీటిలో ఏ మాటా చెప్పదు. ‘ఎందుకు’ అనే ప్రశ్నకు కావలసిన సమాచారమంతా మీ దగ్గరే ఉంది, దాన్ని పేర్చిన వరుసే వేరు. కాబట్టి మళ్లీ పుస్తకాలు తిరగేయకండి. ఇదే వ్యాసాన్ని, పెన్సిల్‌ను తీసుకుని కూర్చోండి.

ప్రతి పేరా పక్కన మార్జిన్‌లో, ఆ పేరా ఆలస్యానికి ఏ కారణం చూపిస్తోందో మూడు నాలుగు మాటల్లో రాయండి. తేదీ, సంఘటన పేరు రాయకూడదు, కారణమే రాయాలి. మీ రెండో పేజీలో ఆంధ్ర విశ్వవిద్యాలయం గురించిన పేరా ఉంది. 1926లో ఏర్పడింది, తర్వాత విశాఖపట్నానికి మారింది అని ముగించారు. దీని పక్కన ఏం రాస్తారు? పేరా ఉన్నది ఉన్నట్టుగా ఉంటే ఏమీ రాయలేరు. విశ్వవిద్యాలయం కోస్తాకే దక్కడం, సీమ కళాశాలలు మద్రాసు విశ్వవిద్యాలయం కిందికే వెళ్లడం గుర్తొస్తే మాత్రం ‘సీమకు కోస్తాపై అపనమ్మకం’ అని రాయగలుగుతారు. అలా రాయలేని పేరా కొత్త వ్యాసంలోకి రాకూడదు. ఎంత కష్టపడి గుర్తుపెట్టుకున్నదైనా సరే, వదిలేయాల్సిందే.

నేను మీ మార్జిన్ నింపి చూస్తే మూడు కారణాలు తేలాయి. సీమకు, కోస్తాకు మధ్య అపనమ్మకం. మద్రాసు నగరం ఎవరిదన్న తగాదా. భాషా రాష్ట్రాలంటే ఢిల్లీకి ఉన్న జంకు. ఇవే మీ మూడు భాగాలు. చాలామంది అలవాటుగా ‘రాజకీయ, ఆర్థిక, సామాజిక’ అని మూడు గళ్లు గీసేస్తారు. ఆ గళ్లు ఏ ప్రశ్నకైనా సరిపోతాయి, అందుకే ఈ ప్రశ్నకు వాటి వల్ల ప్రయోజనం ఉండదు. భాగాల పేర్లు ప్రశ్నలోంచే పుట్టాలి.

ఇక అసలు చిక్కు. ఒకే సంఘటన రెండు భాగాలకూ కావలసి వస్తుంది. మీ జె.వి.పి. కమిటీ పేరా అలాంటిదే. నెహ్రూ, పటేల్, పట్టాభి సీతారామయ్యలతో ఏర్పడిన ఆ కమిటీ 1949లో రెండు మాటలు చెప్పింది. భాషా రాష్ట్రాలను ప్రస్తుతానికి వాయిదా వేయడం మంచిదంది. ఆంధ్ర విషయంలో మాత్రం, మద్రాసు నగరాన్ని వదులుకుంటే ఆలోచించవచ్చంది. మొదటి మాట ఢిల్లీ జంకు గురించిన భాగానికి వెళ్తుంది, రెండోది మద్రాసు భాగానికి. పేరాను నిలువునా చీల్చడానికి వెనుకాడకండి. కమిటీ పరిచయం మొదట వచ్చిన చోట ఒక్కసారి ఇస్తే చాలు, రెండో చోట పేరు చెప్పి నేరుగా విషయంలోకి వెళ్లాలి. రెండు చోట్లా మొత్తం కథ చెబితే పరిశీలకుడికి విసుగొస్తుంది, మీకు టైమ్ పోతుంది.

ఇప్పుడు భాగం మొదటి వాక్యం, అంటే టాపిక్ సెంటెన్స్. శ్రీబాగ్ ఒప్పందం గురించి మీరిలా మొదలుపెట్టారు: ‘1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి నివాసమైన శ్రీబాగ్‌లో కోస్తా, రాయలసీమ నాయకులు సమావేశమయ్యారు.’ ఇందులో తప్పేమీ లేదు. కానీ చదివినవారికి ‘అయితే ఏంటి?’ అన్న ప్రశ్న మిగిలిపోతుంది. దీన్నే ఇలా మార్చి చూడండి: ‘మద్రాసు నుంచి విడిపోతే తమపై కోస్తా పెత్తనం వస్తుందన్న సీమ నాయకుల భయం తీరనిదే తెలుగువారి డిమాండ్ ఒక్క గొంతుతో వినిపించే వీలు లేకపోయింది.’ ఇందులో ముందున్నది తేదీ కాదు, కారణం. దాన్ని ఒప్పుకోవడానికీ కాదనడానికీ కూడా వీలుంది. దాని కింద విశ్వవిద్యాలయం విషయం, తర్వాత శ్రీబాగ్ షరతులు వస్తాయి: కృష్ణా, తుంగభద్ర, పెన్నా జలాల్లో సీమకు ప్రాధాన్యం, రాజధాని ఒక ప్రాంతానికైతే హైకోర్టు రెండో ప్రాంతానికి. ఇంతకుముందు ఈ షరతులు మీ వ్యాసంలో ఒక జాబితాలా పడి ఉన్నాయి. ఇప్పుడు ఒక్కో షరతు ఒక్కో భయానికి సాక్ష్యం అవుతుంది.

మూడు భాగాలూ రాశాక మొదటి వాక్యాలను మాత్రమే వేరే కాగితంపై వరుసగా ఎత్తి రాయండి. ఆ మూడు వాక్యాలు చదివితేనే ప్రశ్నకు చిన్న జవాబు దొరకాలి. ఒకదాని స్థానంలో ఇంకోటి పెట్టినా తేడా తెలియడం లేదంటే ఆ రెండు భాగాలు నిజానికి ఒకటే అని అర్థం.

ఇలా రాసేటప్పుడు కాలం ముందుకీ వెనక్కీ ఊగుతుంది. మొదటి భాగం 1937లో ఆగి, రెండోది 1949కి వెళ్లి, మూడోది మళ్లీ 1918కి, కాంగ్రెస్ ఆంధ్రకు వేరే ప్రాంతీయ సంఘాన్ని ఇచ్చిన నాటికి రావచ్చు. తన సంస్థలో ఒప్పుకున్న సూత్రాన్నే అధికారంలోకి వచ్చాక కాంగ్రెస్ ఎందుకు పక్కన పెట్టిందో చెప్పడానికి ఆ 1918 కావాలి. చదివేవారు తప్పిపోకుండా ఉండాలంటే పరిచయంలోనే రెండు వాక్యాల్లో 1913 నుంచి 1953 వరకు దారి గీసేయండి. ఒక్కో భాగం లోపల మాత్రం పాత నుంచి కొత్తకే నడవండి.

చివరగా పొట్టి శ్రీరాములు గారి దీక్ష. మీరు దానికి ఒక పేజీ ఇచ్చారు, చదువుతుంటే నాకూ గుండె బరువెక్కింది. ఆ పేజీని తగ్గించమని చెప్పడం నాకు తేలిక కాదు. కానీ 1952 అక్టోబరు 19 నుంచి డిసెంబరు 15 వరకు సాగిన ఆ 58 రోజులు ఆలస్యానికి కారణం కావు, ఆలస్యాన్ని ముగించిన ఘట్టం. కనుక దానికి విడి భాగం వద్దు, మూడో భాగం చివర పెట్టండి. ఆయన ప్రాణం పోయిన నాలుగు రోజులకు, డిసెంబరు 19న నెహ్రూ ప్రకటన వచ్చింది, కానీ అందులో మద్రాసు నగరం లేదు. అంటే ఢిల్లీ ముడి వీడింది, మద్రాసు ముడి తెలుగువారు కోరినట్టు వీడలేదు. ఈ రెండు వాక్యాల్లో మీ రెండు భాగాలూ కలుస్తాయి. పేజీడు వర్ణన కన్నా ఇక్కడే ఆ త్యాగం బరువు పరిశీలకుడికి తెలుస్తుంది.

ఒక్క జాగ్రత్త. ‘ఆంధ్రోద్యమ పరిణామ క్రమాన్ని వివరించండి’ అని అడిగితే మీ పాత వ్యాసం వరుసే సరైనది. అప్పుడు దీన్ని ముక్కలు చేయకండి.