కొత్త ఎమోజీ పాత ఫోన్లలో డబ్బాలా ఎందుకు కనిపిస్తది?

మా చెల్లె పంపిన గులాబీ రంగు హార్ట్ నా పాత ఫోన్ల ఖాళీ డబ్బాలెక్క వస్తుంది. ఆమె ఫోన్ల మంచిగనే ఉంది. ఎందుకు?

మెసేజ్‌లో వచ్చేది బొమ్మ కాదు, U+1FA77 అనే ఒక నంబరు మాత్రమే. దానికి బొమ్మ మీ ఫోన్‌లోని ఫాంట్‌లో ఉండాలి, అది లేకనే డబ్బా వస్తుంది.

ఏ నంబరుకు ఏ ఎమోజీ అన్నది యూనికోడ్ సంస్థ ఖరారు చేస్తుంది. బొమ్మను మాత్రం ఆపిల్, గూగుల్, సామ్‌సంగ్ ఎవరిది వారే గీసుకుని, ఫాంట్‌లో చేర్చి, సాధారణంగా సిస్టమ్ అప్‌డేట్‌తో పంపుతారు. ఈ హార్ట్ 2022 సెప్టెంబరులో ఖరారైంది. ఐఫోన్లకు 2023 మార్చిలో, ఐఓఎస్ 16.4తో వచ్చింది. కంపెనీ అప్‌డేట్లు ఆపేసిన ఫోన్‌కైతే నెలలు కాదు, ఎప్పటికీ రాకపోవచ్చు.

ఇందులో ఒక మెలిక ఉంది. ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ తన సొంత ఎమోజీ బొమ్మలను యాప్‌లోనే పెట్టుకుంటుంది. అందుకే హనుమకొండ నుంచి చెల్లె పంపిన అదే హార్ట్, నర్సంపేటలోని పాత ఫోన్‌లో ఎస్సెమ్మెస్‌గా వస్తే డబ్బాగా, వాట్సాప్ అప్‌డేట్ చేసి ఉంటే అందులో హార్ట్‌గానే కనిపించవచ్చు. ఐఫోన్‌లో వాట్సాప్ కూడా ఫోన్ ఫాంట్‌నే వాడుతుంది.

నెట్ స్లో ఉండి బొమ్మ డౌన్‌లోడ్ కాలేదని చాలామంది అనుకుంటారు. కొందరు కొత్త కీబోర్డ్ యాప్ వేసుకుంటారు. కీబోర్డ్ నంబరును పంపడానికే పనికొస్తుంది. మెసేజ్‌లో బొమ్మ చూపించేది చూసేవాళ్ల ఫోన్ లేదా యాప్.