ఏటికేడు పెరుగుతున్న నెలసరి నొప్పి గురించి శ్రావణికి

శ్రావణీ,

మొన్న ఆదివారం ఫోన్‌లో "స్కాన్ నార్మల్ అంట పెద్దమ్మా" అన్నావు గానీ, నీ గొంతులో సంతోషం లేదు. ఏదో ఒకటి కనబడి ఉంటే బావుండేది అనిపించి ఉంటుంది నీకు. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావు, మీ హాస్టల్లో సిగ్నల్ కూడా అంతంతమాత్రం. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

ముందు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. నీ డిగ్రీ ఆఖరి సంవత్సరంలో మా ఇంటికొచ్చి, వేడి నీళ్ల బ్యాగు పొట్ట మీద పెట్టుకుని ముడుచుకుని పడుకుంటే, "పెళ్లయి ఒక కాన్పు అయితే అదే సర్దుకుంటుందిలే" అన్నాను. ఇరవై ఏళ్లు గైనిక్ వార్డులో చేసిన స్టాఫ్ నర్సు అనాల్సిన మాట కాదది. మా అమ్మ నాతో అన్న మాటే నా నోట్లోంచి ఊడిపడింది.

మామూలు నెలసరి నొప్పికి ఒక పద్ధతి ఉంటుంది. చాలామందికి రజస్వల అయిన ఏడాది రెండేళ్లలోనే మొదలవుతుంది. రక్తం కనబడిన రోజునో, దానికి కొన్ని గంటల ముందో పట్టుకుంటుంది, రెండు మూడు రోజుల్లో వదిలేస్తుంది. ఆ రోజుల్లో గర్భసంచి లోపలి పొరలో ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు తయారై, గర్భసంచి కండరాన్ని గట్టిగా పిండుతాయి. నొప్పి అక్కణ్నుంచే. వయసు పెరిగే కొద్దీ అది సాధారణంగా తగ్గుతుంది.

నీది అలా లేదు. పదమూడేళ్లకు పెద్దమనిషివి అయ్యావు, ఇంటర్ దాకా ఒక్కరోజు కాలేజీ మానలేదు. ఇరవై దాటాక మొదలైంది. అప్పట్లో ఒక్క మాత్రతో పోయేది, ఇప్పుడు నాలుగు వేసుకున్నా ఆఫీసుకు సెలవు పెడుతున్నావు. పైగా డేట్‌కి మూడు రోజుల ముందే మొదలవుతోంది అన్నావు. ఆలస్యంగా మొదలై, ఏటికేడు పెరుగుతూ, రక్తస్రావానికి ముందే వచ్చి, అయిపోయాక కూడా వదలని నొప్పి అంటే ఎండోమెట్రియోసిస్‌ను అనుమానించాల్సిందే. గర్భసంచి లోపలి పొరలాంటి కణజాలమే గర్భసంచి బయట, అంటే అండాశయాల మీదో, గర్భసంచి వెనకో, పేగుల మీదో పెరగడం ఇది. హార్మోన్లకు అది కూడా స్పందిస్తుంది, చుట్టూ వాపు వస్తుంది. అలా ఏళ్లు గడిచే కొద్దీ మచ్చలు కట్టి, ఒక అవయవాన్ని ఇంకోదానికి అతికించేస్తుంది. పిల్లలు పుట్టే వయసులో ఉన్న ఆడవాళ్లలో సుమారు పదిమందిలో ఒకరికి ఉంటుందని అంచనా.

నువ్వు ఇంకో మాట చెప్పి, వెంటనే నవ్వేసి దాటేశావు. ఆ రోజుల్లో మోషన్‌కి వెళ్లాలంటే కత్తితో పొడిచినట్టు ఉంటుందని, మామూలు రోజుల్లో ఏమీ ఉండదని. దాన్ని దాటేయకు. గ్యాస్ట్రో డాక్టర్ దగ్గర కడుపు ఉబ్బరం గురించి మాత్రమే చెప్పావు గనక ఆయన ఐబీఎస్, అంటే పేగుల చికాకు జబ్బు అని మందులు రాశాడు. ఆయన్ని తప్పుపట్టలేం. ఆ నొప్పి నెలసరితో పాటు వచ్చి నెలసరితో పాటు పోతుందన్న సంగతి ఆయనకు తెలియదుగా. మా వార్డుకు వచ్చినవాళ్లలో చాలామంది కూడా సిగ్గుపడి ఇదొక్కటే దాచేవాళ్లు. మూత్రానికి వెళ్లినప్పుడు నొప్పి, పెళ్లయినవాళ్లకైతే కలయికలో లోపల లోతుగా నొప్పి, ఇవి కూడా అడిగితే తప్ప చెప్పరు.

ఇప్పుడు స్కాన్ సంగతి. నీకు చేసింది నీళ్లు బాగా తాగించి కడుపు మీద నుంచి చేసే స్కాన్. రిపోర్టులో గర్భసంచి సైజు మామూలు, రెండు అండాశయాలూ మామూలు అని ఉంది. దాని అర్థం పెద్ద ఫైబ్రాయిడ్ లేదు, చెప్పుకోదగ్గ సిస్ట్ లేదు అని. అంతవరకే. అండాశయంలో పాత రక్తం నిలిచి చాక్లెట్ సిస్ట్ అయితే స్కాన్‌లో చాలావరకు దొరుకుతుంది. కానీ పొత్తికడుపు లోపలి పొర మీద గుండుసూది తలంత మచ్చలుంటే స్కాన్లు చాలావరకు చూపించవు, ఎమ్మారై కూడా. కాబట్టి "నార్మల్" అని రాసిన కాగితం ఎండోమెట్రియోసిస్ లేదని చెప్పినట్టు కాదు.

కింది నుంచి చేసే స్కాన్, టీవీఎస్ అంటారే, అది ఇంకా మేలు. చెయ్యి తిరిగిన డాక్టరైతే ప్రోబ్‌తో మెల్లగా నెట్టి చూస్తారు. గర్భసంచి, దాని వెనకున్న పేగు ఒకదాని మీద ఒకటి జారుతున్నాయా, లేక అతుక్కుపోయి కలిసి కదులుతున్నాయా అన్నది తెరమీదే తెలిసిపోతుంది. నీకు పెళ్లి కాలేదు కాబట్టి మన దగ్గర సాధారణంగా ఆ స్కాన్ చేయరు. అప్పుడు మలద్వారం ద్వారా చేసే స్కానో, ఎమ్మారైయో అడగొచ్చు. ఎమ్మారై ఖర్చు ఎక్కువ. అందరికీ అక్కర్లేదు గానీ, మోషన్‌కి వెళ్లేటప్పుడు నొప్పి ఉన్న నీలాంటివాళ్లకు పేగు దగ్గర గట్టి గడ్డలేమైనా ఉన్నాయేమో చూడటానికి పనికొస్తుంది. సీఏ 125 అనే రక్తపరీక్ష కూడా కొందరు రాస్తారు. అది పెరగడానికి వేరే కారణాలు చాలా ఉన్నాయి, జబ్బు ఉన్నా పెరగకపోవచ్చు. ఆ ఒక్క అంకె చూసి ఉందనీ లేదనీ తేల్చలేరు.

మరి దేన్ని బట్టి అనుమానిస్తారంటే, ముఖ్యంగా నువ్వు చెప్పేదాన్ని బట్టే. అందుకని డాక్టర్ దగ్గరికి వెళ్లేముందు రెండు మూడు నెలలు ఒక చిన్న నోట్‌బుక్ రాయి. పెద్ద కథ అక్కర్లేదు. పోయిన నెల నువ్వు ఫోన్‌లో చెప్పింది నేనే రాసి చూపిస్తాను: "11వ తేదీ: నడుము నొప్పి మొదలు, పదికి 4. 13: పొత్తికడుపు ఎడమవైపు, 6. 14: రక్తం మొదలు, నొప్పి 9, వాంతి, మాత్రలు 4, సెలవు. 15: మోషన్‌లో పొడిచినట్టు, 8, సెలవు. 17: రక్తం ఆగింది. 19: నొప్పి ఇంకా 3." చూశావా, రక్తస్రావం నాలుగు రోజులు, నొప్పి తొమ్మిది రోజులు. డాక్టర్‌కు ఇది చూపిస్తే చాలు. "కడుపునొప్పి వస్తోంది మేడమ్" అంటే వచ్చేది ఆ పాత మందే.

మాత్రల గురించి కూడా ఒకటి రాసుకో. నువ్వు నొప్పి తారస్థాయికి చేరాక వేసుకుంటున్నావు. మెఫెనమిక్ యాసిడ్ లాంటివి ముఖ్యంగా ప్రోస్టాగ్లాండిన్లు తయారుకాకుండా ఆపుతాయి, అవి బోలెడు తయారయ్యాక వేసుకుంటే అంతగా పనిచేయవు. అందుకే నొప్పి మొదలవగానే, అన్నం తిన్నాక, డాక్టర్ రాసిన మోతాదులో వేళకి వేసుకోవాలి. అల్సరో, ఆయాసమో, కిడ్నీ ఇబ్బందో ఉంటే ముందే చెప్పాలి. ఇలా సరిగ్గా మూడు నెలలు వాడినా నొప్పి లొంగకపోతే, అది కూడా అనుమానానికి ఒక ఆధారమే. నోట్‌బుక్‌లో ఎన్ని గంటలకు వేసుకున్నావో, ఎంత తగ్గిందో రాయి.

డాక్టర్ దగ్గర "ఇది ఎండోమెట్రియోసిస్ అయ్యుండొచ్చా మేడమ్?" అని సూటిగా అడుగు. నెట్‌లో చదివొచ్చావా అని విసుక్కుంటే విసుక్కోనీ, అడిగిన ప్రశ్నకు జవాబు రావాలి. పీసీఓడీ అని కొట్టిపారేస్తే, నీకు డేట్లు ఇరవై ఎనిమిది రోజులకు తప్పకుండా వస్తున్నాయని చెప్పు. అది వేరే జబ్బు, దానిలో ఇబ్బంది ఎక్కువగా డేట్లు తప్పడంతోనే.

నేను వార్డులో ఉన్న రోజుల్లో ల్యాప్రోస్కోపీ చేసి కంటితో చూస్తే తప్ప పేరు పెట్టకూడదనేవాళ్లు. ఇప్పుడు అలా లేదు. యూరప్ నిపుణుల సంఘం 2022లో మార్గదర్శకాలు మార్చింది. లక్షణాలు సరిపోతే, పిల్లలు ఇప్పుడే వద్దనుకునేవాళ్లకు ఆపరేషన్ లేకుండానే హార్మోన్ మాత్రలు మొదలుపెట్టొచ్చు. గర్భనిరోధక మాత్రలో, డైనోజెస్ట్ అనే మాత్రో ఇస్తారు. పెళ్లి కాని పిల్లకు ఇవేమిటని మీ అమ్మ కంగారు పడుతుంది, నేను చెబుతాలే. డైనోజెస్ట్ మొదటి నెలల్లో మధ్యమధ్య మరకలు కనబడతాయి, కొందరికి మనసు దిగులుగా ఉంటుంది. దానికి భయపడి పది రోజులకే ఆపేస్తే అది పనిచేస్తుందో లేదో తెలియదు. ఒకటి గుర్తుపెట్టుకో. మాత్రతో నొప్పి తగ్గినంత మాత్రాన జబ్బు అదేనని రుజువైనట్టు కాదు, మామూలు నొప్పి కూడా వాటితో తగ్గుతుంది.

మాత్రలు పనిచేయకపోయినా, వాడే వీలు లేకపోయినా, స్కాన్లో ఏమీ లేక అనుమానం తీరకపోయినా అప్పుడు ల్యాప్రోస్కోపీ. మత్తు ఇచ్చి బొడ్డు దగ్గర చిన్న గాటు పెట్టి కెమెరాతో చూస్తారు. ఒప్పుకునే ముందు రెండు అడుగు: కనబడితే అప్పుడే తీసేస్తారా, బయాప్సీకి పంపుతారా అని. ఉత్తినే చూసి కుట్లేసి పంపిస్తే ఇంకోసారి మత్తు తప్పదు. స్టేజ్ ఒకటి అని రాస్తే నొప్పి కూడా చిన్నదేనని ఎవరైనా అంటే నమ్మకు. థియేటర్లో నేనే చూశాను. నాలుగు నల్లచుక్కలున్న పిల్ల నెలనెలా మంచం పట్టేది. రెండు అండాశయాల్లో చాక్లెట్ సిస్టులున్న ఇంకొకావిడకు నొప్పే లేదు, పిల్లలు పుట్టట్లేదని వచ్చింది.

ఈలోగా ఎప్పుడైనా ఉన్నట్టుండి భరించలేని నొప్పి ఒక పక్కన వచ్చి, వాంతులో జ్వరమో కళ్లు తిరగడమో ఉంటే నోట్‌బుక్ పక్కన పడేసి ఎమర్జెన్సీకి వెళ్లు. అది వేరే సంగతి.

ఇంకొకటి. మీ అమ్మకు ముప్పయ్యారేళ్లకే నొప్పి, రక్తస్రావం అని గర్భసంచి తీసేశారని నీకు తెలుసు. నిన్న తన బీరువాలో పాత ఫైలు వెతికించాను. బయాప్సీ కాగితం ఉంది, ఎవరూ చదివిన పాపాన పోలేదు. గర్భసంచి గోడలో అడినోమయోసిస్, ఎడమ అండాశయం మీద ఎండోమెట్రియోసిస్ అని రాసి ఉంది. అడినోమయోసిస్ అంటే అదే లోపలి పొర గర్భసంచి కండరంలోకి చొచ్చుకుపోవడం. తల్లికి ఉంటే కూతురికి వచ్చే అవకాశం ఎక్కువ, కాబట్టి డాక్టర్ మొదట అడగాల్సిన ప్రశ్నకు జవాబు ఇన్నాళ్లూ బీరువాలోనే ఉంది. ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టాను, రెండో పేజీ కింద చూడు. ప్రింట్ తీసి నోట్‌బుక్‌లో పెట్టుకుని వెళ్లు. నేను రావాలంటే ఒక రోజు ముందు చెప్పు, పొద్దున్నే బస్సెక్కుతాను.

మీ పెద్దమ్మ