ఫ్యాన్ హోరులో పాఠం రికార్డు చేయాలంటే...

ప్రశ్న: ఇంటర్ పిల్లల కోసం ఎకనామిక్స్ పాఠాలు ఫోన్‌లో రికార్డు చేస్తున్నాను. ఫ్యాన్ ఆపితే ఉక్కపోత, వేస్తే హోరు. 600 రూపాయలు పెట్టి కాలర్ మైక్ కొన్నా హోరు పోలేదు. ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో నాయిస్ తీసేస్తే గొంతు నీళ్లలోంచి వస్తున్నట్టుంది. ఖరీదైన మైక్ కొనక తప్పదా? – ఒక లెక్చరర్, ఖమ్మం

జవాబు: అక్కర్లేదండీ. మీ దగ్గరున్న మైక్ చాలు. ముందు అసలు ఆ మైకే పనిచేస్తోందో లేదో చూడండి. రికార్డింగ్ మొదలుపెట్టి కాలర్ మైక్ తలను గోటితో మెల్లగా గీకండి, తర్వాత ఫోన్ అడుగున ఉండే మైక్ రంధ్రం దగ్గర గీకండి. విన్నప్పుడు రెండోదే గట్టిగా ఉంటే మీ పాఠమంతా ఫోన్ సొంత మైక్ రికార్డు చేస్తున్నట్టే. దీనికి ఎక్కువగా కారణం పిన్ను. ఫోన్‌కి పనికొచ్చే 3.5 ఎంఎం పిన్నుకి మూడు గీతలుంటాయి. రెండే గీతలుంటే అది కెమెరా కోసం చేసినది, దాన్ని ఫోన్ మైక్‌గా గుర్తించదు. మధ్యలో చిన్న కన్వర్టర్ పెడితే సరిపోతుంది. పిన్ను సరైనదే అయినా కొన్ని ఫోన్లలో కెమెరా యాప్ బయటి మైక్‌ని పట్టించుకోదు. అప్పుడు బయటి మైక్ ఎంచుకునే వీలున్న వేరే కెమెరా యాప్ వాడాలి.

మైక్ పనిచేస్తోందని తేలాక చూడాల్సింది దూరం. మైక్‌కీ నోటికీ మధ్య దూరం సగం చేసిన ప్రతిసారీ మైక్‌లో మీ గొంతు సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. ఫ్యాన్ హోరు మాత్రం గది అంతటా దాదాపు ఒకేలా ఉంటుంది కాబట్టి అది పెరగదు. టేబుల్ మీద 80 సెంటీమీటర్ల దూరంలో పెట్టిన మైక్‌ని 20 సెంటీమీటర్లకు తెస్తే దూరం రెండుసార్లు సగమైంది, అంటే హోరు కంటే గొంతు 12 డెసిబెల్స్ పైకి వచ్చింది. ఏ సాఫ్ట్‌వేర్‌తోనైనా గొంతు చెడకుండా అంత తేడా తేవడం కష్టం.

అందుకే కాలర్ మైక్‌ని చొక్కా రెండో, మూడో గుండీ దగ్గర కాకుండా గడ్డానికి జానెడు లోపే, అంటే 15 నుంచి 20 సెంటీమీటర్ల మధ్య పెట్టండి. వీడియోలో మీరు కనిపించక్కర్లేదు, స్లైడ్లు మాత్రమే చూపిస్తారంటే ఇంకా దగ్గరికి తేవచ్చు. మైక్‌ని ఒక పెన్సిల్‌కి క్లిప్ చేసి, ఆ పెన్సిల్‌ని ఏదైనా స్టాండుకి టేపుతో అంటించి, నోటికి బెత్తెడు దూరంలో పెట్టండి. ఇంత దగ్గరైతే నోటికి ఎదురుగా ఉండకూడదు, పెదవి మూలకి పక్కగా ఉండాలి. ‘ఫలితం’, ‘భాగం’, ‘పెట్టుబడి’ లాంటి మాటలు పలికినప్పుడు నోట్లోంచి గాలి ముందుకు తన్నుకొస్తుంది, అది నేరుగా మైక్‌కి తగిలితే ‘ధబ్’మని పడుతుంది. మైక్ పక్కనుంటే ఆ గాలి దాన్ని దాటి పోతుంది. ఈ చవక కాలర్ మైకులు చాలావరకు అన్ని వైపుల నుంచీ ఒకేలా వింటాయి కాబట్టి పక్కకి జరిపినంత మాత్రాన గొంతు తగ్గదు.

ఫ్యాన్‌తో రెండు రకాల ఇబ్బంది ఉంది. ఒకటి దాని మోత, రెండోది దాని గాలి. గాలి నేరుగా మైక్ మీద పడితే ‘బరబర’మని బొంగురు చప్పుడు వస్తుంది, దాన్ని తర్వాత తీయడం చాలా కష్టం. మైక్‌తో ఇచ్చే నల్లటి స్పాంజి టోపీ తీసేయకండి, ఫ్యాన్ సరిగ్గా కిందా కూర్చోకండి. రెగ్యులేటర్ 2 మీద పెట్టుకుంటే చాలు. మీకు ఎదురుగా గోడ బోసిగా ఉంటే ఒక బొంత వేలాడదీయండి, గొంతులో డొల్లతనం తగ్గుతుంది. ల్యాప్‌టాప్‌లోకి నేరుగా రికార్డు చేసేవాళ్లు ఛార్జర్ పీకేసి చూడండి. సన్నగా ‘గుంయ్’ మనే చప్పుడు చాలాసార్లు దాని నుంచే వస్తుంది.

ఇక మీ గొంతు నీళ్లలోంచి వచ్చినట్టు ఎందుకవుతోందంటే: నాయిస్ రిడక్షన్ శబ్దాన్ని వందల సన్నటి పట్టీలుగా విడదీస్తుంది. ప్రతి పట్టీలో శబ్దం, మీరు చూపించిన హోరు స్థాయికి దగ్గరగా ఉంటే దాన్ని తగ్గిస్తుంది, మించితే వదిలేస్తుంది. గొంతు, హోరు దాదాపు సమానంగా ఉన్న రికార్డింగ్‌లో ఏది ఏదో దానికి తెలియదు. పట్టీలు క్షణక్షణం మూసుకుంటూ తెరుచుకుంటూ ఉంటాయి, బుడగల్లాంటి ఆ ధ్వని దాని వల్లే. ముందుగా దెబ్బతినేవి స, శ, ష అక్షరాలు. అవి స్వతహాగా గాలి చప్పుడే కదా, హోరుతో కలిసిపోతాయి. తర్వాత వంతు మాటల చివరలది. తెలుగు మాట చాలావరకు అచ్చుతో ముగుస్తుంది, ఆ చివరి అచ్చు మెల్లగా పలుకుతాం. దాంతో ‘తగ్గుతుంది’లో చివరి ‘ది’ మింగినట్టు వినిపిస్తుంది.

కాబట్టి మైక్ దగ్గర పెట్టి మళ్లీ రికార్డు చేయండి. మొదలుపెట్టగానే ఏమీ మాట్లాడకుండా, కదలకుండా 5 సెకన్లు ఊరుకోండి. ఫ్యాన్ స్పీడు మధ్యలో మార్చకండి, మారిస్తే ఆ 5 సెకన్ల నమూనా పనికిరాదు. రికార్డింగ్ మీటర్ కనిపించే యాప్ అయితే, గట్టిగా మాట్లాడినప్పుడు గీత -12 నుంచి -6 మధ్య ఆడాలి. 0ని తాకితే శబ్దం పగిలిపోతుంది, అది తర్వాత బాగుపడదు.

ఆడాసిటీలో మొదట మొత్తం ఎంచుకుని `Effect` మెనూలో `High-Pass Filter` తీసి 80 హెర్ట్జ్ ఇవ్వండి. గొంతుకి అవసరం లేని అడుగు గర్‌గర్ పోతుంది. తర్వాత ఆ మౌనంగా ఉన్న 5 సెకన్లను మాత్రమే ఎంచుకుని `Noise Reduction` తెరిచి `Get Noise Profile` నొక్కండి. మళ్లీ మొత్తం ఎంచుకుని అదే విండో తెరవండి. `Noise reduction (dB)` 6, `Sensitivity` 6, `Frequency smoothing (bands)` 6 పెట్టండి. నొక్కే ముందు అక్కడే ఉన్న `Residue` ఎంచి `Preview` వినండి. మీ రికార్డింగ్ నుంచి ఏది తీసేస్తుందో అది వినిపిస్తుంది. అందులో ఉత్త హోరే ఉంటే నిశ్చింతగా `Reduce`కి మార్చి `OK` కొట్టండి. మీ మాటలు గుసగుసగా వినిపిస్తున్నాయంటే మాత్రం గొంతు కూడా పోతోందన్నమాట. `Sensitivity`ని ఒక్కొక్క అంకె తగ్గించుకుంటూ మాటలు వినిపించని దాకా రండి. హోరు ఇంకా మిగిలితే మొదటి అంకెను 9 వరకు పెంచవచ్చు, 12 దాటనివ్వకండి. కాస్త ఫ్యాన్ చప్పుడు మిగిలినా పిల్లలకి పాఠం అర్థమవుతుంది, మింగేసిన అక్షరం అర్థం కాదు.

`Compressor` వాడే అలవాటుంటే దాన్ని ఇవన్నీ అయ్యాకే వాడండి. అది మెల్లగా ఉన్నవాటిని పైకి లేపుతుంది, ముందే వాడితే హోరు కూడా లేస్తుంది.

ఇంత చేసినా కుక్కర్ విజిల్, ఆటో హారన్, పక్కింటి టీవీ మాత్రం పోవు. ఈ పద్ధతి ఒకేలా సాగే చప్పుడుకే పనిచేస్తుంది. అలాంటిది అడ్డొస్తే రికార్డింగ్ ఆపకండి. చప్పుడు పోయేదాకా ఆగి, ఒక చప్పట్లు కొట్టి, ఆ వాక్యం మొదటి నుంచి మళ్లీ చెప్పండి. ఎడిటింగ్‌లో ఆ చప్పట్లు నిలువు గీతలా కనిపిస్తాయి, వాటి ముందున్న పాడైన వాక్యాన్ని వెతుక్కోకుండా కోసేయవచ్చు.