రెండో ఓవెన్ కొనే ముందు

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీర్వదించి రాయునది.

నీ ఉత్తరం అందింది. సాయంత్రం పూట ఎగ్ పఫ్‌లు అయిపోయి జనం వెనక్కి వెళ్తున్నారని, బ్యాంకులో దాచిన డబ్బు తీసి రెండో ఓవెన్ వేసేద్దామా అని అడిగావు. కొనమని గానీ వద్దని గానీ ఇక్కడ కూర్చుని నేను చెప్పలేను. అయితే వయసంతా బేకరీలకు ఓవెన్లు బిగిస్తూ, మరమ్మతులు చేస్తూ బతికినవాణ్ని. అమ్మేవాడు నీకు చెప్పని లెక్క ఒకటి నాకు తెలుసు. రావులపాలెంలో చిన్న బేకరీ నడిపే ఒకావిడ ఆ లెక్క నేర్చుకుంటుంటే పక్కనే ఉన్నాను. ఆవిడ కథ రాస్తాను, నీ అంకెలు నువ్వు వేసుకో.

ఆవిడకు రెండు ట్రేల గ్యాస్ డెక్ ఓవెన్ ఒకటి ఉంది. పొదుపు 2,40,000 రూపాయలు. రెండో ఓవెన్‌కు కొటేషన్ తెచ్చుకుని, బిగించే రోజు చెప్పమని నన్ను పిలిచింది. కొటేషన్‌లో ఉన్నది 95,000. పొగ గొట్టం, గ్యాస్ లైను, రెగ్యులేటరు, స్టాండు, అదనపు ట్రేలు కలిపితే 1,15,000 అయింది. నువ్వు కూడా మొదట ఈ పూర్తి మొత్తాన్నే రాసుకో. కరెంటు ఓవెన్ అయితే దీనిమీద లోడు పెంచుకోవడానికి కట్టే డబ్బు కూడా ఉంటుంది.

ఆవిడ మాట ఒకటే: "బ్యాంకు ఏడాదికి 7 శాతం ఇస్తోంది. ఓవెన్ అంతకంటే ఎక్కువ సంపాదించదా, బాబాయ్ గారూ?" మాట సబబుగానే ఉంది. కానీ డిపాజిట్‌లో వేసిన అసలు గడువు తీరాక అంతా తిరిగి వస్తుంది. ఓవెన్‌లో పెట్టినది అలా రాదు. బర్నర్లు పూడుకుపోతాయి, తలుపు స్ప్రింగు సడలుతుంది, గోడల్లో వేడి ఆపడానికి నింపిన గ్లాస్ వూల్ కిందికి దిగి వేడి బయటికి పోతుంది. అయిదేళ్లు వాడిన అలాంటి ఓవెన్‌కు 35,000 వస్తే బాగా వచ్చినట్టే అన్నాను. అంటే అయిదేళ్లలో 80,000 అరిగిపోతుంది. అదే 1,15,000 బ్యాంకులో ఉంటే ఏడాదికి 8,050 చొప్పున అయిదేళ్లకు 40,250 వడ్డీ. రెండూ కలిపి 60 నెలలకు పంచితే నెలకు రెండు వేలు. ఖర్చులన్నీ పోను ఓవెన్ నెలకు రెండు వేలు మిగిల్చితే డిపాజిట్‌తో సమానమవుతుంది, లాభం మొదలయ్యేది ఆ పైనే. చక్రవడ్డీ కలపలేదేమిటని అడగకు. ఓవెన్ తెచ్చే డబ్బు కూడా నెలనెలా బ్యాంకులో వేసుకోవచ్చు కదా, చిన్న దుకాణానికి ఈ మాత్రం లెక్క సరిపోతుంది.

ఇక ఓవెన్ ఎంత మిగులుస్తుంది? "రోజూ వందమంది వెనక్కి పోతున్నారు" అంది. నేను నమ్మలేదు. గల్లా పెట్టె పక్కన ఒక నోటు పుస్తకం పెట్టించాను. అడిగిన సరుకు లేదనాల్సి వచ్చిన ప్రతిసారీ సమయం, సరుకు, ఎన్ని అడిగారో రాయాలి. దాని బదులు ఇంకేమైనా కొన్నారా అన్నది కూడా రాయాలి. నాలుగు వారాలు రాసింది. రోజుకు సగటున తేలినవి 40 పఫ్‌లు, అన్నీ అయిదు నుంచి ఏడు గంటల మధ్యే. అందులో మూడో వంతు మంది పఫ్ లేదంటే బన్నో దిల్‌పసందో కొనుక్కుని వెళ్లారు. అంటే నిజంగా చేజారింది రోజుకు 27.

ఈ పుస్తకం ఏ నెలలో రాస్తామన్నది కూడా చూసుకోవాలి. కార్తీకంలో గుడ్డు ముట్టని ఇళ్లు ఎన్నో, పైగా అయ్యప్ప మాలలు. ఆ నెల అంకెలు చూస్తే ఉన్న ఓవెన్ కూడా ఎక్కువే అనిపిస్తుంది. డిసెంబరు చివర కేకుల ఆర్డర్లు చూస్తే మూడు ఓవెన్లు కావాలనిపిస్తుంది. రెండూ మామూలు నెలలు కావు.

పఫ్ అమ్మకం ధర 20. మైదా, మార్జరిన్, గుడ్డు, ఉల్లిపాయ మసాలా కలిపి 10, గ్యాసు, కవరు కలిపి రూపాయిన్నర. మిగిలేది 8.50. గ్యాసు ఖర్చు ఊహించి వేయలేదు. 19 కిలోల సిలిండర్‌ను ఉదయం ఒకసారి, రాత్రి ఒకసారి తూకం వేసి, తగ్గిన బరువును ఆ రోజు కాల్చిన ట్రేలకు పంచాం. 27 పఫ్‌లు, నెలకు 26 రోజులు లెక్కేస్తే దాదాపు 6,000 వచ్చింది. కానీ ఎక్కువ చేస్తే కొన్ని మిగిలిపోతాయి. రోజుకు నాలుగు పోయినా నెలకు 1,200 నష్టం. మిగిలింది 4,800. అక్కడ ఆవిడ ముఖం వెలిగింది. రెండు వేల గీత దాటేశాం మరి.

"ఆ పఫ్‌లు చుట్టేదెవరమ్మా?" అన్నాను. సాయంత్రం ఆవిడ గల్లా దగ్గర, ఉన్న ఒక్క మనిషీ కౌంటరు దగ్గర. రెండో ఓవెన్ వెలిగిస్తే ట్రేలు నింపడానికి, తీయడానికి మరో మనిషి కావాలి. పూటకు రెండు గంటలకు వచ్చే మనిషికి నెలకు 3,000. మిగిలింది 1,800. బ్యాంకు గీతకు కిందే.

ఓవెన్ల లెక్కలు చాలావరకు ఇక్కడే తప్పుతాయి. కొరత ఓవెన్‌లో ఉందా, చేతుల్లో ఉందా, పిండి పొంగే చోటులో ఉందా అని చూడకుండా ఓవెన్ కొంటారు. నేను పాత సామానుగా తిరిగి కొన్న ఓవెన్లలో చాలా వాటి లోపలి పూత కూడా నల్లబడలేదు.

తరవాత ఓవెన్ దినచర్య రాయించాను. ఏ అరగంటలో లోపల ఏముంది, ఖాళీగా ఉందా అన్నది అంతే. తెల్లవారుజామున అయిదు నుంచి ఎనిమిదిన్నర వరకు బ్రెడ్డు, బన్నులు. పదకొండు వరకు బిస్కెట్లు. పదకొండు నుంచి మూడు వరకు చల్లగా పడి ఉంది. మూడింటికి మళ్లీ వెలిగించి, మూడున్నర నుంచి పఫ్‌లు రెండు వాయిలు, నాలుగున్నరకు మర్నాటి కేకుల స్పాంజి. స్పాంజికి వేడి తక్కువ కావాలి కాబట్టి ఓవెన్ వేడి దింపి కాల్చేవారు. జనం వచ్చే అయిదింటికి ఓవెన్ స్పాంజి చేతిలో ఉండేది.

ఒక ట్రేలో పఫ్‌లు 24 పడతాయి, రెండు ట్రేలకు 48. కాలడానికి 25 నిమిషాలు, తలుపు తెరిచినప్పుడు పోయిన వేడి తిరిగి రావడానికి పది. అంటే ఆవిడకు రోజూ తక్కువవుతున్న 40 పఫ్‌లు ఒక్క వాయి. ముప్పై అయిదు నిమిషాల పని. దానికోసం 1,15,000 పెట్టబోతోంది.

స్పాంజిని మధ్యాహ్నం పన్నెండుకు మార్చాం. క్రీము రాసే ముందు అది ఎలాగూ పూర్తిగా ఆరాలి, ముందు కాలిస్తే ఇంకా మంచిదే. పఫ్‌లు మధ్యాహ్నమే చుట్టి ఫ్రిజ్‌లో ఉంచి, అయిదుంపావుకు మూడో వాయి పెట్టించాం. చల్లగా ఉన్న పఫ్ పొరలు విడివడి బాగా లేస్తుంది కూడా. మర్నాటి నుంచి వెనక్కి వెళ్లేవారు పదిమందికి దిగారు. ఆ పది పఫ్‌లకు ఓవెన్ కొంటే నెలకు 2,210 వస్తుంది, మిగిలిపోయేవి తీసేస్తే రెండు వేలు కూడా రాదు.

ఇప్పుడు పొదుపు సంగతి. అద్దె, జీతం, కరెంటు, ఇంటి ఖర్చు కలిపి దుకాణం మూసి ఉన్నా ఆవిడకు నెలకు 50,000 పోతుంది. 2,40,000 అంటే దాదాపు అయిదు నెలల ఊపిరి. ఓవెన్ కొంటే 1,25,000 మిగిలేది, రెండున్నర నెలలు. ఫ్రిజ్ కంప్రెసర్ కాలిపోయి, అదే నెలలో ఇంట్లో ఎవరైనా ఆసుపత్రిలో చేరితే ఆ రెండున్నర ఒకటిన్నర అవుతుంది. అప్పుడు వడ్డీకి తెచ్చే అప్పు 7 శాతానికి దొరకదు. కనీసం నాలుగు నెలల ఖర్చు ముట్టుకోకుండా ఉండాలన్నది నా పట్టుదల. ఇంట్లో ఇంకొకరికి నెల జీతం వస్తుంటే మూడు నెలలు చాలు.

డబ్బు ఒకే డిపాజిట్‌లో పెట్టొద్దన్నాను. 50,000 చొప్పున నాలుగు చేసింది, మిగిలింది పొదుపు ఖాతాలో ఉంచింది. గడువుకు ముందు తీస్తే వడ్డీ తగ్గుతుంది. ఇలా విడివిడిగా ఉంటే అవసరం వచ్చినప్పుడు ఒక్కటే విరుగుతుంది, మిగతావి కదలవు.

ఆవిడ ఓవెన్ కొననే లేదనుకోకు. మరుసటి ఏడు ఒక బడి నుంచి రోజుకు 300 బన్నుల ఆర్డరు వచ్చింది. బన్నుకు రూపాయిన్నర మిగులు, నెలకు 22 రోజులు, 9,900. సాయానికి పెట్టిన మనిషికి 5,000 పోగా 4,900. బడి ఏడాదికి తొమ్మిదిన్నర నెలలే కదా, ఏడాది మొత్తానికి సర్దితే నెలకు 3,900 దాకా తేలింది. అప్పటికి మధ్యాహ్నం ఓవెన్ నిజంగానే నిండిపోయింది. పొదుపు 3,20,000కు పెరిగింది, ఓవెన్ కొన్నా నాలుగు నెలల ఖర్చు మిగులుతుంది. అయినా రెండు నెలల బిల్లులు చేతికి వచ్చేదాకా ఆగమన్నాను. నోటిమాట ఆర్డరు, ఒక్క గిరాకీ. ఆగింది, డబ్బు వచ్చింది, కొంది.

వాడిన ఓవెన్ తక్కువకు వస్తోందని నువ్వు కూడా రాశావు. వెళ్లి చూసేటప్పుడు రెండు బ్రెడ్ ప్యాకెట్లు పట్టుకెళ్లు. ట్రే అంతా బ్రెడ్ ముక్కలు పరిచి, ఓవెన్ బాగా వేడెక్కాక పెట్టి చూడు. ఒక మూల మాడి ఇంకో మూల తెల్లగా ఉంటే బర్నరులోనో గోడలోనో లోపం ఉంది. అరగంట వెలిగాక బయటి పక్క గోడ మీద చెయ్యి ఆనించలేకపోతే గ్లాస్ వూల్ పోయినట్టే. బర్నరు మార్చుకోవచ్చు గానీ, గోడలు విప్పి మళ్లీ నింపించాలంటే చవక బేరం కాస్తా పోతుంది.

వచ్చే సోమవారం నుంచి పుస్తకం పెట్టు. ఒక పేజీలో లేదన్న సరుకు, ఎదురు పేజీలో ఓవెన్ దినచర్య. నాలుగు వారాలయ్యాక ఆ పేజీలు ఫోనులో ఫొటో తీసి పంపు. సాయంత్రం స్పాంజి ఎన్ని గంటలకు పెడుతున్నావో మాత్రం ఇప్పుడే రాయి, నాకు అనుమానం అక్కడే ఉంది.

ఇట్లు,
మీ పెదనాన్న