మడత గీత వల్ల మారిపోయిన ఘన బహుపది

సందేహం: మా అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతోంది. బడిలో ఇచ్చిన లెక్కల కాగితంలో 2x³ − 3x² − 11x + 6 కు కారణాంకాలు, శూన్యాలు అన్నీ కనుక్కోమన్నారు. ఫోన్‌తో ఫొటో తీసి యాప్‌లో పెడితే x ≈ −0.4673 అని ఒక్క జవాబే వచ్చింది. టీచరు మాత్రం మూడు శూన్యాలు ఉన్నాయన్నారట. యాప్ చెడిపోయిందా? ఫొటో జతచేశాను. – ఒక పాఠకుడు, గుణుపూర్, రాయగడ జిల్లా

జవాబు: మీరు పంపిన ఫొటోను పెద్దది చేసి చూశాను. కాగితాన్ని నిలువుగా మడిచినప్పుడు పడిన గీత సరిగ్గా 11x ముందున్న మైనస్ గుర్తు మీదుగా దిగింది. అడ్డగీతను నిలువుగీత కోసినట్టు కనిపించడంతో యాప్ దానిని ప్లస్‌గా చదివి, 2x³ − 3x² + 11x + 6 అనే వేరొక లెక్కను సాధించింది. ఆ లెక్కకు −0.4673 సరైన జవాబే. అసలు లెక్కలో మాత్రం x స్థానంలో అదే సంఖ్యను పెడితే విలువ సుమారు 10.28 వస్తుంది. సున్నా రావలసిన చోట పది దాటిందంటే సాధించిన లెక్క, అడిగిన లెక్క ఒకటి కావన్నమాట. గణించే భాగంలో లోపం లేదు కనుక యాప్‌ను తీసివేసి మళ్లీ వేసుకోవడం వల్ల ప్రయోజనం ఉండదు.

ఈ రకం యాప్‌లు చాలావరకు తాము చదివిన సమాసాన్ని జవాబుకు పైన చూపించి, దానిని సవరించే వీలు కూడా ఇస్తాయి. జవాబు కంటే ముందు ఆ వరుసను కాగితంతో పోల్చి, ఒక్కొక్క గుర్తునూ వేలు పెట్టి చదవమని అమ్మాయికి చెప్పండి. కాగితాన్ని పుస్తకం కింద కాసేపు అదిమి ఉంచి, నీడ పడకుండా తిన్నగా పైనుంచి ఫొటో తీసి, లెక్క ఉన్న వరుస మాత్రమే మిగిలేలా కత్తిరిస్తే చాలు. మీ ఫొటోలో లెక్కకు పైన ఒడియాలో రాసిన ప్రశ్న కూడా పడింది. ఒడియాలోని ‘ఠ’ అక్షరం గుండ్రంగా సున్నాను పోలి ఉంటుంది కాబట్టి అటువంటి అక్షరాలను చట్రంలో ఉంచకపోవడమే క్షేమం.

ఇక అసలు లెక్కకు వద్దాం. దీనిని చేత్తో చేయడం తెలిస్తేనే యాప్ ఇచ్చిన జవాబు నమ్మదగినదో కాదో చెప్పగలం. బహుపదిని p(x) అందాం. కారణాంక సిద్ధాంతం ప్రకారం p(a) = 0 అయితే x − a ఆ బహుపదికి కారణాంకం అవుతుంది; x − a కారణాంకమైతే p(a) తప్పక సున్నా అవుతుంది. మరి ఏ సంఖ్యలను ప్రయత్నించాలి? a ఒక పూర్ణాంక శూన్యం అనుకుంటే 2a³ − 3a² − 11a = −6 కావాలి. ఎడమవైపున్న ప్రతి పదంలోనూ a ఉంది కనుక కుడివైపున్న 6ను కూడా a నిశ్శేషంగా భాగించాలి. అందువల్ల ±1, ±2, ±3, ±6 తప్ప మరే పూర్ణాంకాన్నీ ప్రయత్నించనక్కరలేదు. భిన్నాలకూ ఇటువంటి నియమమే ఉంది: సూక్ష్మరూపంలో ఉన్న భిన్నం శూన్యమైతే దాని లవం స్థిరపదమైన 6ను, హారం x³ గుణకమైన 2ను భాగించాలి. దీనితో ±1/2, ±3/2 కూడా చేరి మొత్తం పన్నెండు సంఖ్యలవుతాయి.

చిన్నవాటితో మొదలుపెడితే p(1) = 2 − 3 − 11 + 6 = −6. ఇది శూన్యం కాకపోయినా వృథా పోదు. p(0) = 6, p(1) = −6 కనుక 0 నుంచి 1కి వెళ్లే దారిలో విలువ ధనం నుంచి రుణానికి మారింది; అంటే ఆ మధ్యలో ఒక శూన్యం ఉండి తీరాలి. మన పన్నెండింటిలో 0కీ 1కీ మధ్య ఉన్నది 1/2 ఒక్కటే. పూర్ణాంకాలను మాత్రమే ప్రయత్నించే పిల్లలకు కనబడకుండా పోయేది సాధారణంగా ఇటువంటి శూన్యమే. p(−1) = 12, p(2) = −12 వస్తాయి. తరువాత p(−2) = −16 − 12 + 22 + 6 = 0. శూన్యం −2 కాబట్టి కారణాంకం x + 2. ఇక్కడ గుర్తు మారడాన్ని మరచి x − 2 అని రాసేవారు చాలామంది ఉంటారు.

మిగిలిన భాగాన్ని రాబట్టడానికి ప్రతి అడుగులోనూ x + 2 బయటకు వచ్చేలా పదాలను విడదీస్తే సరిపోతుంది.

```
2x³ − 3x² − 11x + 6
= 2x²(x + 2) − 7x(x + 2) + 3(x + 2)
= (x + 2)(2x² − 7x + 3)
= (x + 2)(2x − 1)(x − 3)
```

రెండో వరుసలో 2x²(x + 2) తీసుకుంటే 4x² అదనంగా వస్తుంది. మనకు కావలసింది −3x² కాబట్టి −7x² కలపాలి. అలాగే −7x(x + 2) వల్ల −14x వస్తుంది. −11x కావాలంటే 3x చేర్చాలి. చివరికి 3 × 2 = 6 అయి స్థిరపదం సరిగ్గా కుదిరింది. అక్కడ కుదరకపోతే పైన ఎక్కడో గుర్తు తప్పిందని అర్థం. వర్గ బహుపదిలో −7xను −6x, −x గా విడదీస్తే చివరి రెండు కారణాంకాలు వస్తాయి. కాబట్టి శూన్యాలు −2, 1/2, 3. సరిచూడటానికి వీటి మొత్తం 3/2 కావాలి, ఎందుకంటే x² గుణకాన్ని x³ గుణకంతో భాగించి గుర్తు మార్చితే వచ్చేది అదే. లబ్ధం −3 కావాలి. అది స్థిరపదాన్ని 2తో భాగించి గుర్తు మార్చిన విలువ. రెండూ సరిపోయాయి.

ఇప్పుడు యాప్ చదివిన తప్పు లెక్కలో అవే పన్నెండు సంఖ్యలను పెట్టి చూడండి. x = −1/2 వద్ద −1/2, x = 0 వద్ద 6 వస్తాయి. శూన్యం వాటి మధ్యనే ఉంది, కానీ మన జాబితాలో ఆ మధ్యన సంఖ్య ఏదీ లేదు. దానికున్న వాస్తవ శూన్యం ఆ ఒక్కటే; మిగిలిన రెండూ సంకీర్ణ సంఖ్యలు కనుక యాప్ వాటిని చూపలేదు. ఫోన్‌లో జియోజీబ్రా ఉంటే అందులోని CAS లో ఇలా టైపు చేసి కూడా తేడాను గమనించవచ్చు:

```
Factor(2x^3 - 3x^2 - 11x + 6)
Factor(2x^3 - 3x^2 + 11x + 6)
```

మొదటిది మూడు కారణాంకాలుగా విడిపోతుంది. రెండోది విడిపోకుండా ఉన్నది ఉన్నట్టే తిరిగి వస్తుంది.

ఒక జాగ్రత్త చెప్పాలి. దశాంశాలు వచ్చిన ప్రతిసారీ ఫొటో తప్పని అనుకోకూడదు. x³ − 3x + 1 కు ప్రయత్నించదగినవి 1, −1 మాత్రమే. వాటి వద్ద −1, 3 వస్తాయి గాని సున్నా రాదు. అయినా దానికి మూడు వాస్తవ శూన్యాలున్నాయి, మూడూ కరణీయ సంఖ్యలే. అటువంటప్పుడు ఈ పద్ధతి శూన్యాలను ఇవ్వదు. యాప్ చదివిన వరుస కాగితంతో అక్షరాలా సరిపోయిందని చూసుకున్నాక దాని దశాంశ జవాబునే తీసుకోవాలి.